అద్దె మధ్యలో "రూమ్మేట్‌ని తెచ్చుకుంటాను" అంటే ఓనర్ ఏం చేయాలి: మొదటి ఫోన్ నుంచి తాళంచెవి దాకా

సొంతిల్లు ఒకటి అద్దెకిచ్చుకున్న వాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. అగ్రిమెంట్ పదకొండు నెలలకు రాసుకున్నారు. నాలుగైదు నెలలు గడిచాక అద్దెకున్న అబ్బాయో అమ్మాయో ఫోన్ చేస్తారు: "ఆంటీ, ఒక గది ఖాళీగానే ఉంది, మా ఫ్రెండ్‌ని తెచ్చుకోవచ్చా?" మనకు అద్దె సక్రమంగా వస్తోంది, మనిషి మంచివాడు, కాదనాలంటే మొహమాటం. "సరే బాబూ" అనేస్తాం.

మా ఫ్లాట్ హైదరాబాద్ నిజాంపేటలో ఉంది. మొదటిసారి నేనూ అలాగే ఫోన్‌లో సరే అన్నాను. మూడు నెలలకు, నాతో అగ్రిమెంట్ రాసుకున్న కుర్రాడు ఉద్యోగం మారి బెంగళూరు వెళ్లిపోయాడు. నాకు చెప్పలేదు. ఆ ఫ్రెండ్ ఇంకో ఇద్దరిని తెచ్చుకున్నాడు. ఒక సాయంత్రం వాచ్‌మన్ ఫోన్ చేసి "అమ్మా, మీ ఫ్లాట్‌లో ఇప్పుడు ఎవరుంటున్నారు?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. మా ఇంట్లో ఉన్న ముగ్గురిలో ఒక్కరి పేరు కూడా నా అగ్రిమెంట్‌లో లేదు.

కొత్త మనిషి మంచివాడా కాదా అన్నది రెండో ప్రశ్న. అద్దె ఆగితే, గోడ పాడైతే, ఒకరు మధ్యలో వెళ్లిపోతే ఎవరు జవాబుదారీ అన్నది మొదటి ప్రశ్న. కింది అడుగులన్నీ ఆ వరుసలోనే ఉంటాయి. హైదరాబాద్‌లో ఫ్లాట్ అద్దెకిచ్చేవాళ్లను మనసులో పెట్టుకుని రాశాను.

## 1. ఫోన్‌లో జవాబు చెప్పకండి, రాసి పంపమనండి

ఫోన్ రాగానే అవునూ అనొద్దు, కాదూ అనొద్దు. "వివరాలు వాట్సాప్‌లో రాసి పంపు బాబూ, చూసి ఈ ఆదివారం లోపు చెబుతాను. అప్పటిదాకా సామాన్లు తేవద్దని చెప్పు." ఇంతే. చివరి మాట తప్పకుండా అనండి. చాలామంది అడిగేసరికే ఫ్రెండ్ పరుపు హాల్లోకి వచ్చేసి ఉంటుంది.

రాసి పంపమన్నప్పుడు ఇవి అడగండి:

- వచ్చే మనిషి పూర్తి పేరు, సొంతూరు, ఉద్యోగం, ఎక్కడ పనిచేస్తారు
- ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారు, ఎందుకు మారుతున్నారు
- ఏ తేదీ నుంచి, సుమారు ఎన్ని నెలలు
- ఏ గది, బాత్‌రూమ్ ఎవరిది
- అద్దెలో ఎవరి వాటా ఎంత, డబ్బు ఎవరి ఖాతా నుంచి వస్తుంది
- బండి ఉందా, పార్కింగ్ ఎక్కడ
- అద్దె రసీదు ఆ మనిషి పేరు మీద కావాలా

చివరిది చిన్నదిలా కనిపిస్తుంది కానీ మూడో అడుగులో నిర్ణయం దాని మీదే తిరుగుతుంది.

## 2. మీ అగ్రిమెంట్ తీసి రెండు చోట్ల చదవండి

మన దగ్గర అగ్రిమెంట్లు స్టాంప్ పేపర్ మీద ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఇస్తారు. సంతకం పెట్టిన రోజున ఎవరూ చదవరు. ఇప్పుడు చదవండి.

మొదట "సబ్‌లెట్", "అసైన్", "పార్ట్ విత్ పొసెషన్" అనే మాటలున్న వాక్యం వెతకండి. "ఓనర్ రాతపూర్వక అనుమతి లేకుండా ఇల్లుగానీ, అందులో భాగంగానీ ఇంకొకరికి అద్దెకివ్వరాదు" అని ఉంటే మీ చేతిలో పట్టు ఉంది. రెండోది, ఎవరెవరు నివసిస్తారో రాసిన వాక్యం. "ఫ్యామిలీ నివాసానికి మాత్రమే" అనో, "ఇద్దరికి మించకుండా" అనో ఉండొచ్చు.

అసలు ఆ మాటే లేకపోతే? ఇక్కడే చాలామంది ఓనర్లు పొరబడతారు. అగ్రిమెంట్‌లో లేదంటే చేయకూడదనే కదా అనుకుంటారు. చట్టం అలా చెప్పదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, అద్దెదారు తన హక్కును పూర్తిగాగానీ కొంతగాగానీ సబ్‌లీజుకు ఇచ్చుకోవచ్చు. అలా ఇచ్చినంత మాత్రాన ఓనర్ పట్ల అతని బాధ్యత తీరిపోదు కూడా. అంటే మీ కాగితం మౌనంగా ఉంటే, చట్టం అద్దెదారు వైపు మాట్లాడుతుంది.

"అద్దె నియంత్రణ చట్టం ఉంది కదా, రాతపూర్వక అనుమతి లేకుండా సబ్‌లెట్ చేస్తే ఖాళీ చేయించవచ్చు కదా" అని కొందరంటారు. 1960 నాటి ఆ చట్టంలో అలాంటి కారణం ఉన్న మాట నిజమే. అయితే 2005 సవరణ తర్వాత, నగరపాలక సంస్థల పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన ఇళ్లకు ఆ చట్టం వర్తించదు. ఈ రోజుల్లో హైదరాబాద్‌లో ఆ అద్దెకు ఫ్లాట్ ఎక్కడుంది? కాబట్టి మనకు దిక్కు మన అగ్రిమెంటే.

అందులో ఆ వాక్యం లేకపోతే కంగారు పడనక్కర్లేదు. రూమ్మేట్ కోసం ఇప్పుడు రాసుకునే అదనపు ఒప్పందంలోనే దాన్ని చేర్చుకోవచ్చు. వాళ్లే మీ ఒప్పుదల అడుగుతున్నారు కాబట్టి ఈ సమయంలో సంతకం పెట్టడానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు.

## 3. మూడింటిలో ఏది అడుగుతున్నారో తేల్చుకోండి

"ఫ్రెండ్‌ని తెచ్చుకుంటాను" అనే ఒక్క మాట వెనుక మూడు వేర్వేరు ఏర్పాట్లు ఉంటాయి. ఏదో తేలకుండా సరే అంటే, ఆ తర్వాత ఎవరికి వాళ్లు తమకు అనుకూలమైనది చెబుతారు.

ఒకటి: తోడు నివాసి. అద్దెదారు ఒక్కరే. అద్దె మొత్తం ఆయనే మీకు కడతారు. కొత్త మనిషి పేరు కాగితం మీద "ఇక్కడ ఉంటారు" అన్నంత వరకే ఉంటుంది. మొదటి మనిషి వెళ్తే రెండో మనిషీ వెళ్లాలి. రెండు మూడు నెలల కోసం వచ్చే స్నేహితుడికి, ట్రైనింగ్ కోసం వచ్చిన తమ్ముడికి ఇది సరిపోతుంది.

రెండు: ఉమ్మడి అద్దెదారు. ఇద్దరూ సంతకం చేస్తారు, మొత్తం అద్దెకు ఇద్దరూ బాధ్యులు. ఒకరు కట్టకపోతే మొత్తాన్ని రెండోవారి నుంచి అడిగే వీలు భారత కాంట్రాక్ట్ చట్టం 43వ సెక్షన్ ఇస్తుంది. అందుకు అడ్డొచ్చే మాట ఒప్పందంలో రాసుకోకుండా ఉంటే చాలు.

మూడు: సబ్‌లెట్. మీ అద్దెదారు ఒక గదికి తాళం వేసి ఇంకొకరికి తానే అద్దెకిస్తారు, డబ్బు తానే వసూలు చేస్తారు. ఆ మూడో మనిషికీ మీకూ మధ్య ఏ కాగితమూ ఉండదు.

నా మాట వినేవాళ్లకు మూడోదానికి ఒప్పుకోవద్దనే చెబుతాను. ఇంట్లో గొడవ జరిగితే మీరు ఎవరితో మాట్లాడాలో కూడా తెలియని పరిస్థితి అది. అద్దెదారు నిజంగా నమ్మకస్తుడై, ఆఫీసు పని మీద రెండు నెలలు వేరే ఊరు వెళ్తూ గది ఇవ్వాలనుకుంటే, ఆ రెండు నెలలకూ తేదీలు వేసి రెండో ఏర్పాటే రాయించండి.

మరి ఒకటా, రెండా? నేను వాడే గుర్తు చాలా తేలిక. కొత్త మనిషి తన ఖాతా నుంచి నేరుగా మీకు డబ్బు పంపుతానన్నా, తన పేరు మీద రసీదు కావాలన్నా ఉమ్మడి అద్దెదారుగా సంతకం పెట్టాల్సిందే. ఆ రెండూ అక్కర్లేదంటే తోడు నివాసిగా ఉండొచ్చు.

## 4. ఇల్లు, అసోసియేషన్ ఒప్పుకుంటాయా చూడండి

మీరు సరే అన్నాక అసోసియేషన్ కాదంటే మాట పోతుంది. ముందే సెక్రటరీకి ఫోన్ చేయండి. కొన్ని అపార్ట్‌మెంట్లలో కొత్త మనిషి వస్తే ఫారం నింపాలి, కొన్నిచోట్ల సామాన్లు ఎక్కించడానికి లిఫ్ట్ చార్జీ కట్టాలి. నీళ్ల ఖర్చు ఫ్లాట్‌కు ఇంత అని వేస్తారా, మనుషుల లెక్కన వేస్తారా అడగండి. ఎండాకాలంలో ట్యాంకర్లు తెప్పించే చోట తగువులన్నీ దీని దగ్గరే మొదలవుతాయి.

పార్కింగ్ ఒక్కటే ఉంటే రెండో బండి ఎక్కడ పెడతారో ముందే తేల్చండి. పక్క ఫ్లాట్ వాళ్ల స్థలంలో ఒక్క రాత్రి పెట్టినా మరుసటి ఉదయం ఫోన్ వచ్చేది మీకే.

## 5. కొత్త మనిషిని కలవండి, ఇద్దరినీ విడివిడిగా అడగండి

ఫోన్‌లో కాదు, ఇంటికి వెళ్లి కలవండి. టీ తాగుతూ పావుగంట మాట్లాడితే చాలు. కుదిరితే ఒకే ప్రశ్నలు ఇద్దరినీ వేరువేరుగా అడగండి: ఎన్నాళ్లు ఉంటారు, ఎవరు ఎంత కడతారు, ఒకరు వెళ్లిపోతే రెండోవారు ఏం చేస్తారు?

నేను రెండోసారి పద్ధతిగా చేసిన వ్యవహారం సంగతి చెబుతాను. ఫ్లాట్ అద్దె 24,000, అడ్వాన్స్ 48,000, మెయింటెనెన్స్ 2,000. అగ్రిమెంట్ జూన్ 1 నుంచి ఏప్రిల్ 30 దాకా. అక్టోబర్‌లో కుర్రాడు అడిగాడు, ఫ్రెండ్ నవంబర్ 1న వస్తాడన్నాడు. "చెరి సగం ఆంటీ" అని రాశాడు. కొత్త అబ్బాయిని అడిగితే "నేను పద్నాలుగు వేలు ఇవ్వాలి ఆంటీ" అన్నాడు. ఇరవై నాలుగులో సగం పన్నెండే కదా! మొదటివాడు లాభానికి గది తిప్పుతున్నాడేమో అనిపించింది.

వంటగది గట్టు దగ్గర నిలబడి ముగ్గురం లెక్క వేశాం. కొత్త అబ్బాయి తీసుకుంటున్నది అటాచ్డ్ బాత్‌రూమ్ ఉన్న పెద్ద గది. దానికి 13,000, చిన్న గదికి 11,000, మెయింటెనెన్స్ చెరి వెయ్యి. అలా అతనికి 14,000, మొదటివాడికి 12,000. మొత్తం 26,000, నాకూ అసోసియేషన్‌కూ కట్టేది అంతే. మొదటివాడి జేబులోకి ఒక్క రూపాయి పోవడం లేదు. ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు: కొత్త మనిషి కట్టేదీ పాత మనిషి కట్టేదీ కలిపితే అసలు ఖర్చు దగ్గరికి రావాలి. కొత్త మనిషి వాటాతోనే అద్దెలో చాలా భాగం తీరిపోతుంటే అది సబ్‌లెట్ అని అర్థం చేసుకోండి.

తీసుకోవాల్సిన కాగితాలు:

- ఆధార్, అదీ చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ కాపీ. మనకు కావలసింది గుర్తింపు, పూర్తి నంబర్ దాచుకుని బాధ్యత పెంచుకోవడం ఎందుకు?
- ఉద్యోగ గుర్తింపు కార్డు లేదా ఆఫర్ లెటర్
- పాత ఇంటి ఓనర్ ఫోన్ నంబర్. తప్పకుండా మాట్లాడండి. "అడ్వాన్స్ ఎంత తిరిగిచ్చారు?" అని అడగండి, మిగతా కథ వాళ్లే చెబుతారు.
- ఇంట్లోవాళ్లది ఒక ఫోన్ నంబర్, అత్యవసరానికి
- ఫొటో

పోలీసులకు వివరాలు ఇచ్చే పని మొదటి అద్దెదారుకు చేశాం కదా అని వదిలేయకండి. కొత్త మనిషికి విడిగా చేయాలి. దగ్గరి పోలీస్ స్టేషన్‌లో ఇవ్వొచ్చు, తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్‌లోనూ అద్దెదారుల నమోదుకు వీలుంది. నమోదు చేసినట్టు రుజువు ఒక స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

## 6. డబ్బు విషయం: ఇక్కడ తొందర పడితే మళ్లీ సర్దుకోవడం కష్టం

కాగితం కాకముందు కొత్త మనిషి నుంచి ఒక్క రూపాయి తీసుకోకండి. "ఈ నెల నా ఫ్రెండ్ యూపీఐ చేస్తాడు ఆంటీ" అంటారు. మీ ఫోన్‌లో టింగుమని డబ్బు పడుతుంది. రేపు "అతను ఎవరో నాకు తెలియదు, నా అనుమతి లేకుండా ఉంటున్నాడు" అని మీరు అన్నా, మీ బ్యాంకు స్టేట్‌మెంట్ ఇంకో కథ చెబుతుంది. షరతు ఉల్లంఘన తెలిసీ ఆ తర్వాతి అద్దె తీసుకుంటే, ఆ ఉల్లంఘన కారణంగా లీజు రద్దు చేసే హక్కును వదులుకున్నట్టేనని ఆస్తి బదిలీ చట్టం 112వ సెక్షన్ చెబుతోంది. అలా పొరపాటున వస్తే అదే రోజు తిరిగి పంపించి, "అద్దె నీ ఖాతా నుంచే పంపు" అని మొదటి అద్దెదారుకు మెసేజ్ పెట్టండి.

అద్దె పెంచాలా? అగ్రిమెంట్ గడువులో మీ అంతట మీరు పెంచడం కుదరదు, ఇద్దరూ ఒప్పుకుంటేనే. నా ఉద్దేశంలో మనిషి పెరిగినందుకు అద్దె పెంచమనడం న్యాయం కాదు. మనం ఇచ్చింది రెండు గదుల ఇల్లు, అందులో ఇద్దరుంటున్నారు. నీళ్లు, మెయింటెనెన్స్ మనుషుల లెక్కన పెరిగితే ఆ తేడా వాళ్లు భరించాలి, అంతవరకే. రెన్యువల్ రోజున మాట్లాడుకోవడానికి మిగతాది ఎలాగూ ఉంటుంది.

అడ్వాన్స్ ఎవరిది? నా 48,000 మొదటి అబ్బాయి ఇచ్చింది. కొత్తవాడు అతనికి 24,000 ఇచ్చాడు, నాకు కాదు. ఇది కాగితం మీద లేకపోతే, ఖాళీ చేసే రోజున ఇద్దరూ నన్నే అడుగుతారు. ఉమ్మడిగా రాసుకుంటే "అడ్వాన్స్‌లో చెరి 24,000 వాటా, ఇల్లు పూర్తిగా అప్పగించిన రోజునే తిరిగి ఇవ్వబడుతుంది" అని రాయించండి. తోడు నివాసి అయితే "అడ్వాన్స్ మొత్తం మొదటి అద్దెదారుదే, వాళ్లిద్దరి మధ్య లెక్కతో ఓనర్‌కు సంబంధం లేదు" అని రాయించండి.

హెచ్‌ఆర్‌ఏ రసీదులు. పాత పన్ను విధానంలో ఉన్న ఉద్యోగి ఇంటి అద్దె భత్యం మినహాయింపు కోసం రసీదు అడుగుతారు. ఏడాదికి లక్ష రూపాయలు దాటి అద్దె చూపిస్తే ఓనర్ పాన్ నంబర్ కూడా కావాలి. ఎవరెంత కట్టారో అంతకే ఇవ్వండి. నవంబర్ నుంచి నేను మొదటివాడికి 11,000, రెండోవాడికి 13,000 రసీదులు ఇచ్చాను. మొదటివాడు పాత అలవాటుగా 24,000 రసీదు అడిగాడు. ఇచ్చి ఉంటే నా పాన్ మీద నెలకు 37,000 అద్దె వచ్చినట్టు లెక్క తేలేది. మెయింటెనెన్స్‌ను రసీదులో కలపకండి.

## 7. కాగితం రాయడం: ఒక్క పేజీ చాలు

కొత్త అగ్రిమెంట్ మొదటి నుంచి రాయనక్కర్లేదు. పాతదాన్ని అలాగే ఉంచి, దానికి అనుబంధంగా ఒక అదనపు ఒప్పందం రాసుకోండి. పాతది రాయించిన చోటే, స్టాంప్ పేపర్ మీద టైప్ చేయించవచ్చు.

ఒక జాగ్రత్త. కొత్త మనిషి వచ్చాడు కదా అని ఇవాళ్టి నుంచి మళ్లీ ఏడాదిన్నరకు రాసుకోకండి. ఏడాది దాటిన లీజుకు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పదకొండు నెలలకు రాసుకునే అలవాటు అందుకే వచ్చింది, అయితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో చేసిన సవరణ ప్రకారం మన దగ్గర గడువు ఏడాదిలోపే అయినా రాతపూర్వక లీజుకు రిజిస్ట్రేషన్ కావాలి. గడువు పాత తేదీకే ముగియాలి. మా విషయంలో ఏప్రిల్ 30.

ఉమ్మడి అద్దెదారుగా చేర్చేటప్పుడు నేను రాయించిన మాటల సారాంశం ఇది. మీ వివరాలతో మార్చుకోండి:

> "పై ఫ్లాటుకు సంబంధించి జూన్ 1న రాసుకున్న అద్దె ఒప్పందానికి ఇది అనుబంధం. నవంబర్ 1 నుంచి రెండో అద్దెదారు ఈ ఒప్పందంలో చేరుతున్నారు. నెల అద్దె 24,000 రూపాయలు మారదు. ఈ మొత్తానికి, ఇంటికి జరిగే నష్టానికి ఇద్దరు అద్దెదారులూ కలిసీ, విడివిడిగానూ బాధ్యులు. ఇద్దరిలో ఎవరైనా ఖాళీ చేయాలంటే ఓనర్‌కు నెల ముందు రాతపూర్వకంగా తెలపాలి. మిగిలినవారు మొత్తం అద్దె కడుతూ గడువు దాకా కొనసాగవచ్చు, లేదా అదే నోటీసుతో ఇద్దరూ ఖాళీ చేయవచ్చు. ఓనర్ రాతపూర్వక అనుమతి లేకుండా ఇంకెవరినీ చేర్చుకోరాదు, ఇంటినిగానీ గదినిగానీ వేరొకరికి ఇవ్వరాదు. గడువు ఏప్రిల్ 30తో ముగుస్తుంది. మిగిలిన షరతులన్నీ పాత ఒప్పందం ప్రకారమే."

తోడు నివాసి అయితే "రెండో అద్దెదారు" అన్న మాటే రాకూడదు. "అద్దెదారు అనుమతితో నివసించే వ్యక్తి, ఇంటిపై ఈ వ్యక్తికి అద్దె హక్కు ఏదీ లేదు, అద్దెదారు ఖాళీ చేసిన రోజే ఈ వ్యక్తీ ఖాళీ చేయాలి" అని రాసి, ఆ వ్యక్తితో కూడా చదివించి సంతకం పెట్టించండి.

సంతకాల ముందు చూసుకోండి:

- పాత ఒప్పందం తేదీ, ఫ్లాట్ నంబర్ సరిగ్గా ఉన్నాయా
- ముగ్గురి సంతకాలు, ఇద్దరు సాక్షులు
- అడ్వాన్స్ వాటాలు అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉన్నాయా
- ముగ్గురి దగ్గరా తలో కాపీ ఉందా

## 8. వచ్చే రోజున

కొత్త మనిషి సామాన్లు దింపే ముందే ఇల్లంతా ఒకసారి వీడియో తీయండి. గోడలు, గీజర్, సింక్ కింద, బాత్‌రూమ్ తలుపు అడుగుభాగం. ఆ వీడియో ముగ్గురున్న వాట్సాప్ గ్రూపులో అదే రోజు పెట్టండి. మొదటి అద్దెదారు వల్ల జరిగిన నష్టం ఏదైనా ఉంటే ఇప్పుడే తేలిపోతుంది, రెండోవాడి నెత్తిన పడదు.

మా ఇంట్లో అలా తీస్తుంటేనే పెద్ద గది బాత్‌రూమ్ తలుపు కింద ఉబ్బిపోయి ఉండటం కనిపించింది. మొదటి అబ్బాయి తన ఖర్చుతో మార్పించాడు. ఆ వీడియో లేకపోతే ఏప్రిల్‌లో ఆ తలుపు గురించి ముగ్గురం వాదించుకునేవాళ్లం.

కరెంటు మీటరు రీడింగ్ ఫొటో, ఎన్ని తాళంచెవులు ఎవరికిచ్చామో గ్రూపులో ఒక మెసేజ్. వాచ్‌మన్‌కు కొత్త అబ్బాయిని పరిచయం చేయండి.

## 9. మొదటి మనిషి వెళ్లిపోతానంటే

ఈ వ్యవహారంలో ఎక్కువ ఇళ్లు జారిపోయేది ఇక్కడే. మొదటివాడు వెళ్తాడు, అతని స్థానంలో రెండోవాడి ఫ్రెండ్ వస్తాడు, ఏడాది తిరిగేసరికి ఓనర్‌కు తెలిసినవాళ్లు ఎవరూ మిగలరు.

ముందుగా వెళ్లే మనిషి నుంచి తేదీతో సహా రాతపూర్వక నోటీసు తీసుకోండి. తర్వాత మిగిలిన మనిషిని అడగండి: మొత్తం 24,000 ఒక్కడివే కట్టగలవా, ఇంకొకరిని తెస్తావా, నువ్వూ ఖాళీ చేస్తావా? ఇంకొకరిని తెస్తానంటే మళ్లీ మొదటి అడుగు నుంచి మొదలుపెట్టాలి. బద్ధకించకండి.

అడ్వాన్స్‌లో వెళ్లే మనిషి వాటాను మీ చేత్తో ఇవ్వొద్దు. వచ్చే మనిషో, మిగిలే మనిషో ఇచ్చుకోవాలి. మీ దగ్గర 48,000 ఎప్పుడూ పూర్తిగా ఉండాలి. వాటా మారినట్టు ముగ్గురి సంతకాలతో రెండు వాక్యాల కాగితం తీసుకోండి.

## 10. అడగకుండానే ఎవరో వచ్చి ఉంటే

చాలామందికి ఈ గైడ్ అవసరమయ్యేది ఈ స్థితిలోనే. కోపం వస్తుంది, అది సహజం. కానీ తాళం మార్చడం, కరెంటు ఆపడం, సామాన్లు బయట పెట్టడం మాత్రం చేయకండి. చట్టప్రకారం కాకుండా బయటికి పంపితే, స్వాధీనం తిరిగి ఇప్పించమని ఆరు నెలల లోపు కోర్టుకు వెళ్లే హక్కు వాళ్లకు నిర్దిష్ట పరిహార చట్టం 6వ సెక్షన్ ఇస్తుంది. తప్పు వాళ్లదైనా మీరు ప్రతివాదిగా నిలబడాల్సి వస్తుంది.

ముందు అది నిజంగా నివాసమేనా చూడండి. వారం రోజులు వచ్చిన చుట్టం రూమ్మేట్ కాదు. బీరువాలో బట్టలు, కొరియర్లు ఆ పేరుతో రావడం, బండి రోజూ అక్కడే ఉండటం, ఇంటి తాళంచెవి ఒకటి అతని దగ్గర ఉండటం, ఇవన్నీ కలిస్తే నివాసమే. ఆ మనిషి వాడే గదికి మొదటి అద్దెదారు కూడా వెళ్లలేని పరిస్థితి ఉంటే అది సబ్‌లెట్ వైపే మొగ్గుతుంది.

తర్వాత ఈ వరుసలో వెళ్లండి:

1. మొదటి అద్దెదారుకు మాత్రమే మెసేజ్ పెట్టండి: "నా అనుమతి లేకుండా ఇంకొకరు ఉంటున్నట్టు తెలిసింది. ఏడు రోజుల్లో వివరాలిచ్చి కాగితం రాసుకుందాం, లేదా ఆ వ్యక్తిని పంపించు."
2. ఆ ఏడు రోజుల్లో కొత్త మనిషి నుంచి డబ్బు తీసుకోకండి, రసీదు ఇవ్వకండి.
3. మాట్లాడటానికి వస్తే, కోపం పక్కన పెట్టి రెండో అడుగు నుంచి ఇక్కడ రాసిన పద్ధతిలోనే చేయండి. చాలావరకు ఇక్కడే సర్దుకుంటుంది.
4. రాకపోతే లాయర్ చేత నోటీసు పంపించండి. ఎన్ని రోజుల గడువివ్వాలో మీ అగ్రిమెంట్‌లో ఉంటే అదే. అగ్రిమెంట్ గడువు అయిపోయి నెలనెలా నడుస్తున్న అద్దె అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు చట్టం చెప్పేది పదిహేను రోజుల నోటీసు. ఈ నోటీసు వెళ్లేదాకా మొదటి అద్దెదారు నుంచి అద్దె తీసుకోవాలా వద్దా అన్నది కూడా ఆ లాయర్‌నే అడగండి, 112వ సెక్షన్ సంగతి పైన చెప్పాను కదా.

## 11. కాదనాలనుకుంటే

కాదనే హక్కు మీ అగ్రిమెంట్ ఇస్తే మొహమాటం లేకుండా, కారణం ఒక్కటే చెప్పి కాదనండి. మూడు నాలుగు కారణాలు చెబితే ఒక్కోదానికి ఒక్కో సమాధానం పట్టుకొస్తారు. కొత్త మనిషి కులం, మతం, ఊరు కారణంగా కాదనడం తప్పు, అది నాకు సమ్మతం కాదు. నీళ్లు, పార్కింగ్, అగ్రిమెంట్ గడువు, పాత ఓనర్ చెప్పిన మాట, ఇవి కారణాలు.

> "బాబూ, చూశాను. మన ఫ్లాట్‌కు ఒక్క పార్కింగే ఉంది, రెండో కారుకు అసోసియేషన్ ఒప్పుకోలేదు. అందుకని ఈ అగ్రిమెంట్‌లో ఇంకొకరిని చేర్చలేను. అద్దె నీకు భారంగా ఉంటే చెప్పు, నెల నోటీసుతో ఖాళీ చేసినా అడ్వాన్స్‌లో కోత పెట్టను."

ఆ చివరి వాక్యం మనస్ఫూర్తిగా అనగలిగితేనే రాయండి. రూమ్మేట్ కోసం అడిగేవాళ్లలో చాలామందికి అసలు ఇబ్బంది అద్దె కట్టలేకపోవడమే. అది పైకి చెప్పరు. దారి చూపిస్తే వాళ్లే నిజం చెబుతారు, లేకపోతే రెండు వారాల తర్వాత ఆ ఫ్రెండ్ పరుపు ఎలాగూ హాల్లోకి వస్తుంది.